రేడియేషన్ వేళ చర్మానికి నీరు శత్రువు కాదు

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరి మాకు సుదీర్ఘమైన లేఖ రాశారు. ఆమె తల్లికి నలభై ఎనిమిదేళ్లు. రొమ్ము క్యాన్సర్ వల్ల ఎడమ రొమ్మును శస్త్రచికిత్స ద్వారా తొలగించారు. కీమోథెరపీ ముగిశాక ఛాతీకి, చంకకు, మెడ కింది భాగానికి రేడియేషన్ మొదలుపెట్టారు. వారానికి అయిదు రోజుల చొప్పున మూడు వారాలు, మొత్తం పదిహేను సిట్టింగులు. పది సిట్టింగులు పూర్తయ్యేసరికి ఛాతీ చర్మం నల్లబడింది, చంకలో మంట, దురద మొదలయ్యాయి. పదకొండో రోజు ఉదయం ఆ తల్లి ఆసుపత్రికి బయలుదేరడానికి నిరాకరించారు. ‘‘ఇది నన్ను లోపలినుంచి కాల్చేస్తోంది. ఇంక చాలు’’ అన్నారట. ‘‘అమ్మీని ఎలా ఒప్పించాలి? నిజంగానే మోతాదు ఎక్కువైందా? మానేస్తే నష్టమా?’’ అని ఆ సోదరి అడిగారు.

లేఖ చివరలో ఆమె యథాలాపంగా రాసిన కొన్ని వాక్యాలే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేశాయి. చికిత్స మొదలైన రోజునే ఇంటికి వచ్చిన ఖాలా ‘‘కరెంటు పెట్టిన చోట నీళ్లు తగలనివ్వకూడదు’’ అని గట్టిగా చెప్పి వెళ్లారట. అందువల్ల రెండు వారాలుగా ఆ తల్లి ఎడమవైపు ఒక్క చుక్క నీరు పోసుకోలేదు. చెమట వాసన రాకుండా చంకలో టాల్కం పౌడరు చల్లుకున్నారు. మంట మొదలయ్యాక కొబ్బరినూనెలో పసుపు కలిపి పూశారు. ఇవన్నీ ప్రేమతో చేసినవే. కానీ ఆ చర్మం పడుతున్న బాధలో కొంత భాగం రేడియేషన్ వల్ల కాక, వీటి వల్ల వచ్చింది. మిగిలిన భాగం ముందే ఊహించదగినది, తగ్గిపోయేది. ఈ రెండింటినీ వేరుచేసి చూపడమే ఈ నెల మా ప్రయత్నం.

చర్మంలో జరిగేదేమిటి?

మన ఇళ్లలో రేడియేషన్‌ను ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ మాటలోనే భయం ఉంది. కరెంటు అనగానే కాలడం, నీరు తగిలితే ప్రమాదం గుర్తుకొస్తాయి. వాస్తవానికి అక్కడ విద్యుత్తు శరీరంలోకి ప్రవేశించదు. యంత్రం నుంచి వెలువడేవి ఎక్స్‌రే వంటి, కానీ వాటికంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన కిరణాలు. అవి తగిలేటప్పుడు వేడి ఉండదు, నొప్పి ఉండదు. సిట్టింగు ముగిశాక ఆ కిరణాలు శరీరంలో నిలిచి ఉండవు. కనుక నీటితో వాటికి సంబంధమే లేదు.

మరి చర్మం నల్లబడి, పొలుసులుగా ఊడడం ఎందుకు? మన చర్మపు పైపొర నిరంతరం అరిగిపోతూ ఉంటుంది. దాని అడుగున ఉన్న కణాలు విభజన చెందుతూ కొత్త కణాలను పైకి పంపుతూ ఉంటాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వేగంగా విభజన చెందే కణాలపైనే రేడియేషన్ ప్రభావం ఎక్కువ. క్యాన్సర్ కణాలు అటువంటివే, చర్మపు అడుగు కణాలు కూడా అటువంటివే. రోజూ కొద్దికొద్దిగా కిరణాలు తగిలేకొద్దీ అడుగున ఉత్పత్తి మందగిస్తుంది. పైన అరుగుదల మాత్రం ఆగదు. కొత్తది రాక, పాతది పోతూ ఉంటే పొర పలుచబడుతుంది. పొయ్యి మీద చెయ్యి కాలినట్లు ఇది పైనుంచి వచ్చిన కాలిన గాయం కాదు.

ఈ సంగతి అర్థమైతే కాలక్రమం కూడా అర్థమవుతుంది. మొదటి వారంలో సాధారణంగా ఏమీ కనిపించదు. పదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య వెచ్చదనం, బిగుతు, దురద మొదలవుతాయి. తరువాత చర్మం పొడిబారి పొలుసులు రాలుతుంది. కొందరికి చర్మపు మడతల్లో పైపొర ఊడి తడిగా మారుతుంది. ఇక్కడ ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. ఈ మార్పులు చివరి సిట్టింగుతో ఆగవు. సాధారణంగా చికిత్స ముగిసిన ఒకటి రెండు వారాలకు తీవ్రస్థాయికి చేరి, ఆ తరువాతే తగ్గుముఖం పడతాయి. ‘అయిపోయింది కదా’ అని సంరక్షణ మానేసే సమయమే అసలు జాగ్రత్త అవసరమైన సమయం.

పుస్తకాల్లో, కరపత్రాల్లో ‘చర్మం ఎర్రబడుతుంది’ అని రాసి ఉంటుంది. చామనఛాయ, నల్లని చర్మంపై ఆ ఎరుపు స్పష్టంగా కనిపించదు. చర్మం ముదురు గోధుమరంగుకో, ఊదారంగు ఛాయకో మారుతుంది. అందుకే ‘ఎరుపు లేదు, పరవాలేదు’ అని కళ్లను మాత్రమే నమ్మరాదు. చేతి వెనుకభాగాన్ని రెండు వైపులా ఆనించి వేడిలో తేడా చూడాలి. బిగుతుగా ఉందా, దురద ఉందా, గుడ్డ తగిలితే నొప్పిగా ఉందా అని రోగిని అడగాలి.

ఆ సోదరి తల్లి విషయంలో మోతాదు ఎక్కువైందని చెప్పడానికి లేఖలో ఏ ఆధారమూ లేదు. రొమ్ము తొలగించిన తరువాత ఛాతీ చర్మం, దాని కింది పలుచని పొర కూడా చికిత్స చేయవలసిన భాగాలే. అక్కడ క్యాన్సర్ కణాలు మిగిలే అవకాశం ఉంటుంది. కనుక చర్మానికీ తగినంత రేడియేషన్ అందేలా వైద్యులు ప్రణాళిక వేస్తారు. పదో సిట్టింగుకు నల్లబడడం ఊహించినదే. చంకలో ఎక్కువ కావడానికి కూడా కారణం ఉంది. మడతలో చర్మం చర్మాన్ని ఆనుకొని ఉండడం వల్ల పైపొరకు కిరణాలు ఎక్కువగా తగులుతాయి. చెమట, రాపిడి దానికి తోడవుతాయి.

మానేస్తే నష్టమా అన్న ప్రశ్నకు మా సమాధానం స్పష్టం: నష్టమే. సిట్టింగుల మధ్య అనుకోని విరామం వస్తే, మిగిలిన క్యాన్సర్ కణాలు కోలుకొని తిరిగి పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. చర్మం కారణంగా విరామం ఇవ్వాలా వద్దా అన్నది రేడియేషన్ వైద్యులు చర్మాన్ని చూసి నిర్ణయించవలసిన విషయం. ఇంట్లో తీసుకోవలసిన నిర్ణయం కాదు. అదే రోజు తల్లిని తీసుకొని వెళ్లి చర్మం చూపించమని, ఇంట్లో ఏమేమి పూశారో దాచకుండా చెప్పమని ఆ సోదరికి రాశాము.

నీళ్లు పోయవద్దన్న మాట ఎక్కడిది?

ఖాలా మాటకు మూలం లేకపోలేదు. ఒకప్పుడు ఆసుపత్రుల్లోనే కడగవద్దని చెప్పేవారు. దానికి ఒక కారణం చర్మంపై గీసే గుర్తులు. రోజూ ఒకే చోట కిరణాలు పడడానికి సాంకేతిక నిపుణులు సిరాతో గీతలు గీస్తారు. అవి చెరిగిపోతే మళ్లీ కొలతలు తీయవలసి వస్తుంది. గీతలను కాపాడేందుకు చెప్పిన మాట, కాలక్రమంలో ‘నీరు తగిలితే ప్రమాదం’ అన్న నమ్మకంగా మారింది.

కడగడం వల్ల హాని ఉందా అని వైద్యులు పరీక్షించి చూశారు. 1992లో బ్రిటన్‌లో వెలువడిన ఒక అధ్యయనంలో రొమ్ముకు, ఛాతీకి రేడియేషన్ తీసుకుంటున్న స్త్రీలను మూడు బృందాలుగా చేశారు. ఒక బృందం అసలు కడగలేదు, రెండో బృందం నీటితో మాత్రమే కడిగింది, మూడో బృందం సబ్బుతో కడిగింది. కడగని వారికే దురద ఎక్కువైంది. 2001లో కెనడా నుంచి వచ్చిన మరో అధ్యయనంలో కడుక్కున్న వారిలో చర్మం తడిగా ఊడడం తక్కువగా కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. చెమట ఉప్పు, మృతకణాలు, పౌడరు, పాత క్రీము కలిసి మడతల్లో పేరుకుంటే, పలుచబడిన చర్మం ఒరుసుకుంటుంది. అక్కడ సూక్ష్మక్రిములు కూడా పెరుగుతాయి.

గుర్తుల విషయంలో నియమం సులభం. గుర్తులున్న చోట నీరు పారనివ్వవచ్చు, రుద్దకూడదు. గీత మసకబారితే మరుసటి రోజు సిబ్బందికి చెప్పాలి. ఇంట్లో పెన్నుతో దిద్దకూడదు. వెంట్రుకవాసి తేడాతో దిద్దినా అది తప్పు గుర్తే అవుతుంది. గుర్తులపై అంటించిన టేపును కూడా మీరే తీయవద్దు. మీ ఆసుపత్రిలో గుర్తులు ఉన్నంతవరకు స్నానం గురించి ప్రత్యేక నియమం ఉంటే, దానినే పాటించాలి. అయితే ఆ నియమం ఏమిటో మొదటి రోజునే సిబ్బందిని నేరుగా అడిగి తెలుసుకోవాలి.

ఎలా కడగాలి?

రోజుకు ఒకసారి, వేసవిలో చెమట ఎక్కువైతే రెండుసార్లు కడగవచ్చు. నీరు గోరువెచ్చగా ఉండాలి. మణికట్టు లోపలివైపు పోసి చూసుకుంటే వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. పసిబిడ్డకు పోసే నీళ్లంత అనుకుంటే సరిపోతుంది. ఛాతీకి చికిత్స జరుగుతున్నవారు మగ్గుతో భుజం మీద పోసుకొని నీటిని కిందికి జారనివ్వాలి. షవరు ధార నేరుగా ఆ చర్మంపై పడకూడదు.

సబ్బు వాడవచ్చు. సువాసన లేని, మృదువైన సబ్బునో, పసిపిల్లల కోసం తయారైన సువాసన లేని ద్రవాన్నో ఎంచుకోవాలి. అరచేతిలో నురుగు చేసి, ఆ నురుగును చర్మంపై ఆనించి కడిగేయాలి. పీచు, స్పాంజి, గరుకు గుడ్డ, సున్నిపిండి వంటివి ఏవీ వద్దు. సున్నిపిండి ‘సహజమైనది’ కాబట్టి మంచిదని చాలామంది అనుకుంటారు. కానీ దాని పని రుద్ది పైపొరను తీయడం. ఇక్కడ కాపాడుకోవలసినది ఆ పైపొరనే. ‘క్రిములు చస్తాయి’ అని నీటిలో క్రిమిసంహారక ద్రావణం కలపడం కూడా తప్పే. అది పలుచని చర్మాన్ని మరింత పొడిబారుస్తుంది.

స్నానం అయ్యాక తుడవడంలోనే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. కొత్త తువ్వాలు గరుకుగా ఉంటుంది. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన నూలు దుపట్టానో, పాత నూలు చీర ముక్కనో తీసుకొని, చర్మంపై ఆనించి తడిని పీల్చనివ్వాలి. అటూ ఇటూ లాగి తుడవకూడదు. చంకలో తడి నిలిచిపోతుంది కనుక చెయ్యి కొద్దిగా ఎత్తి రెండు నిమిషాలు గాలి తగలనివ్వాలి. వేడిగాలి వదిలే యంత్రం వాడకూడదు.

ఏమి పూయాలి?

తేమనిచ్చే క్రీము లేదా లోషను పోయిన కణాలను తిరిగి తేలేదు. ఉన్న పొర ఎండి చిట్లకుండా, దురద తగ్గేలా చూడడమే దాని పని. దురద తగ్గితే రోగి గోకదు. గోకకపోతే పొర చిరగదు. ఇంత చిన్న పనికి ఖరీదైన సీసా అవసరం లేదు. సువాసన, రంగు, మెంథాల్ లేని సాదా క్రీము చాలు. గ్లిజరిన్ ఉన్న సాదా లోషను ఒక ఉదాహరణ. మొదటి సిట్టింగు రోజు నుంచే మొదలుపెట్టాలి. మంట వచ్చేదాకా ఆగవద్దు.

రోజుకు రెండు మూడు సార్లు పలుచగా పూయాలి. అరచేయంత స్థలానికి బఠాణీ గింజంత క్రీము సరిపోతుంది. పూసిన కొద్ది నిమిషాలకు కనిపించకుండా పోయేంత పలుచగా ఉండాలి. వెంట్రుకలు పెరిగే దిశలో మెల్లగా పరచాలి తప్ప మర్దన చేయకూడదు. సిట్టింగుకు ముందు మాత్రం మందపాటి పొర ఉండకూడదు. పలుచని పూత వల్ల చర్మానికి తగిలే మోతాదు మారదని ఇటీవలి కొలతల్లో తేలింది. కానీ మందంగా పూస్తే ఆ పొర కిరణాల ప్రభావాన్ని చర్మం పైభాగానికి లాగుతుంది. పొద్దున సిట్టింగు ఉంటే ముందురాత్రి పూసుకొని, మళ్లీ ఇంటికి వచ్చాక పూసుకోవడం సులభమైన పద్ధతి.

కలబంద సంగతి చాలామంది అడుగుతారు. పెరట్లో దొరుకుతుంది, చల్లగా ఉంటుంది. అయితే 2002లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో రొమ్ముకు రేడియేషన్ తీసుకున్న స్త్రీలలో కలబంద జెల్ కంటే సాదా క్రీమే మేలనిపించింది. కలబంద వాడినవారికి పొలుసులు, నొప్పి ఎక్కువగా ఉన్నాయి. పైగా ఆకు కోసినప్పుడు కారే పసుపుపచ్చని రసం చర్మాన్ని మండించగలదు. కొబ్బరినూనె విషయంలో మీ వైద్యులు అనుమతిస్తే, ఏమీ కలపని స్వచ్ఛమైన నూనెను చెక్కుచెదరని చర్మంపై పలుచగా పూయవచ్చు. పొర ఊడిన చోట ఏ నూనె, ఏ క్రీము వద్దు.

కొందరికి వైద్యులు మొదటినుంచే స్టెరాయిడ్ క్రీము రాస్తారు. మొమెటసోన్ వంటివి మంటను, దురదను తగ్గిస్తాయని అధ్యయనాల్లో తేలింది. వైద్యులు రాసినప్పుడు భయపడవలసిన పని లేదు, రాసినన్ని రోజులే వాడాలి. కానీ మందుల దుకాణంలో ‘దురదకు క్రీము’ అని అడిగితే చేతికిచ్చే గొట్టాల్లో చాలావరకు స్టెరాయిడ్‌తో పాటు మరో రెండు మూడు మందులు కలిసినవి. వాటిని సొంతంగా పూయడం వల్ల చర్మం ఇంకా పలుచబడవచ్చు, కొత్త ఎలర్జీ తోడు కావచ్చు, వైద్యులు చూసేసరికి అసలు లక్షణాలు మరుగున పడవచ్చు.

ఏమేమి దూరం పెట్టాలి?

ఆ తల్లి ఇంట్లో జరిగిన వాటినే తీసుకుందాం. పౌడరు చెమటతో కలిసి ఉండలు కట్టి, ఇసుకరేణువుల్లా ఒరుసుకుంది. పసుపు రేణువులు అదే పని చేశాయి. పైగా పసుపు రంగు వల్ల చర్మం మారిన తీరు వైద్యులకు స్పష్టంగా కనిపించలేదు. ఆసుపత్రిలో చంకలోని ఆ పూతను గోరువెచ్చని నీటితో మెల్లగా కడిగి చూస్తే, కింద చర్మం నల్లబడి పొడిగా ఉంది తప్ప ఎక్కడా చిట్లలేదని ఆ సోదరి తరువాత రాశారు.

మన ఇళ్లకు ప్రత్యేకమైనవి మరికొన్ని ఉన్నాయి. అత్తరు వాటిలో మొదటిది. ‘ఇందులో ఆల్కహాలు లేదు కదా’ అని మెడకు, చంకకు పూస్తుంటారు. ఇక్కడ సమస్య ఆల్కహాలు ఒక్కటే కాదు. గాఢమైన సుగంధ తైలాలే పలుచని చర్మాన్ని మండిస్తాయి. చికిత్స జరిగే భాగానికి అత్తరు తాకనివ్వకూడదు. కావాలనుకుంటే దుస్తులకు, అదీ ఆ భాగాన్ని ఆనుకోని చోట, పూసుకోవచ్చు. నొప్పులకు పూసే బామ్‌లు, వేడినీటి సంచి, మంచుముక్కలు కూడా ఆ చర్మంపై వద్దు. అక్కడ స్పర్శజ్ఞానం తగ్గి ఉండవచ్చు కనుక ఎంత వేడి తగిలిందో, ఎంత చలి తగిలిందో రోగికి తెలియకపోవచ్చు.

చంకలోని వెంట్రుకలు తీయడం రెండోది. నలభై రోజుల గడువు మించకూడదన్న పట్టింపుతో కొందరు సోదరీమణులు చికిత్స మధ్యలోనే బ్లేడు, క్రీము, వాక్సు వాడుతుంటారు. ఆ భాగం రేడియేషన్ పరిధిలో ఉంటే వీటిలో ఏదీ వాడరాదు. బ్లేడు కోత కంటికి కనిపించకపోయినా క్రిములకు దారి ఇస్తుంది. వెంట్రుకలు తీసే క్రీము రసాయనం చర్మాన్ని కాల్చగలదు. నిజానికి రేడియేషన్ తగిలిన చంకలో వెంట్రుకలు చాలావరకు వాటంతట అవే రాలిపోతాయి. మిగిలినవి మరీ ఇబ్బంది పెడితే చిన్న కత్తెరతో చర్మానికి తగలకుండా కత్తిరిస్తే చాలు.

మూడోది దుస్తులు. సింథటిక్ బురఖా లోపల గాలి ఆడదు. ఇంటి నుంచి ఆసుపత్రికి బస్సులో రెండు గంటలు ప్రయాణించేవారికి చెమటే పెద్ద శత్రువు. లోపల వదులైన, కుట్లు పైకి తేలని నూలు చొక్కానో, నూలు లోదుస్తులో వేసుకోవాలి. బ్రా పట్టీ, దుపట్టాకు పెట్టే పిన్ను, మెడలోని గొలుసు చికిత్స జరిగే చోట ఒరుసుకోకుండా చూడాలి. మెడకు చికిత్స జరుగుతుంటే హిజాబ్‌కు మెత్తని నూలుబట్ట వాడి, గడ్డం కింద పిన్ను లేకుండా వదులుగా చుట్టుకోవాలి. ఎండ తగలకూడదన్న నియమానికి ఈ వస్త్రధారణ సహాయపడుతుంది. చర్మం మానిన తరువాత కూడా కనీసం ఏడాదిపాటు ఆ భాగాన్ని ఎండ నుంచి కాపాడుకోవాలి.

వుజూ, గుసుల్ మాటేమిటి?

‘నమాజుకు ఆటంకం కలుగుతుందేమో’ అన్న దిగులు కూడా ఆ తల్లికి ఉందని కుమార్తె రాశారు. ఛాతీ, చంక వుజూ అవయవాల్లో లేవు. కనుక ఆమె వుజూకు ఏ ఇబ్బందీ లేదు. నోరు, గొంతు క్యాన్సర్లకు ముఖంపై, మెడపై రేడియేషన్ తీసుకునేవారికి మాత్రం ముఖం కడగడం రోజుకు ఎన్నోసార్లు జరుగుతుంది. చర్మం చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు గోరువెచ్చని నీటిని దోసిలితో మెల్లగా పోసుకుంటే సరిపోతుంది. అరచేత్తో గట్టిగా రుద్దకూడదు. గడ్డం ఉన్నవారు వేళ్లతో వెంట్రుకల మధ్య గీరకూడదు. ప్రతిసారీ తడిని అద్ది ఆరనివ్వాలి.

పొర ఊడి పుండుగా మారి, నీరు తగిలితే హాని అని వైద్యులు చెప్పినప్పుడు, కట్టు మీద తడి చేతితో మసహ్ చేయడం, అవసరమైతే తయమ్ముమ్ చేయడం వంటి సడలింపులు షరీఅత్‌లో ఉన్నాయి. వ్యాధిగ్రస్తుల తయమ్ముమ్ ప్రస్తావన ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరాలో, వుజూ ఆదేశమున్న ఆరవ ఆయతులోనే ఉంది. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో వైద్యుల మాట విన్న తరువాత ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. వరుస క్రమం అదే కావాలి. నీరు హాని చేస్తుందా లేదా అన్నది ముందు వైద్యులు చెప్పాలి. హాని లేనప్పుడు నీటికి దూరంగా ఉండనవసరం లేదు.

చర్మం తడిగా ఊడితే

ఆ తల్లి పదకొండో సిట్టింగు నుంచి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టారు. ఒక్క రోజు మాత్రమే తప్పిపోయింది. ఆసుపత్రివారు దానిని చివరలో కలిపారు. రోజూ కడగడం, సాదా క్రీము పూయడం మొదలయ్యాక దురద నాలుగు రోజుల్లో తగ్గింది. అయినప్పటికీ చివరి సిట్టింగు ముగిసిన ఆరో రోజున చంకలో రూపాయి బిళ్లంత మేర పొర ఊడి, గులాబీరంగు తడి చర్మం బయటపడింది. ఈసారి కుమార్తె కంగారుపడలేదు. ఇది రావచ్చని, వచ్చే సమయం ఇదేనని ఆమెకు తెలుసు.

ఇలా తడిగా మారినప్పుడు ఆ మచ్చ మీద క్రీము ఆపేయాలి. చుట్టూ ఉన్న పొడి చర్మంపై కొనసాగించవచ్చు. వైద్యులు చెప్పిన సెలైన్‌తోనో, కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటితోనో మెల్లగా కడగాలి. దానిపై అంటుకోని రకం డ్రెస్సింగు ఉంచాలి. మెత్తని సిలికాన్ పొర ఉన్నవి ఇందుకు బాగుంటాయి. ఏది వాడాలో ఆసుపత్రి నర్సు చూపిస్తారు. దూది నేరుగా పెట్టకూడదు, దాని పోగులు పుండుకు అంటుకుంటాయి. జిగురు ప్లాస్టరును రేడియేషన్ తగిలిన చర్మానికి అంటించకూడదు. తీసేటప్పుడు మంచి పొర కూడా దానితో ఊడివస్తుంది. డ్రెస్సింగును వదులైన నూలు బనియనుతో నిలిపి ఉంచవచ్చు. అంటుకుపోతే లాగకుండా నీటితో తడిపి తీయాలి.

పుండు నుంచి పలుచని, లేత పసుపుపచ్చని ద్రవం ఊరడం సహజం. అది చీము కాదు. చిక్కగా, ఆకుపచ్చగా మారి దుర్వాసన వస్తే, నొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే, చుట్టూ వాపు, వేడి వ్యాపిస్తుంటే, రక్తం కారుతుంటే, లేదా జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీమోథెరపీ కూడా జరుగుతున్నవారికి జ్వరం వస్తే రాత్రయినా ఆగరాదు. మధుమేహం ఉన్నవారు చక్కెరను అదుపులో ఉంచుకోకపోతే పుండు ఆలస్యంగా మానుతుంది. చిన్న తడి మచ్చ అయినా సరే, ఫోటో తీసి దాచుకోకుండా స్వయంగా చూపించాలి.

ఆ తల్లి చంకలోని పుండు మూడు వారాల్లో మానిందని మొన్న రెండో లేఖ వచ్చింది. ఛాతీపై నల్లదనం ఇంకా ఉంది. అది తేలికపడడానికి నెలలు పడుతుంది, కొందరిలో కొంత ఛాయ మిగిలిపోతుంది. చర్మం పొడిగా ఉంటుంది కనుక క్రీము కొనసాగించమని రాశాము. లేఖ చివర ఆ సోదరి ఒక చిన్న సంగతి చేర్చారు. ఖాలా ఇప్పుడు తమ వీధిలో రేడియేషన్ మొదలైన మరో స్త్రీ ఇంటికి వెళ్లి, ‘‘నీళ్లు పోసుకో బేటీ, రుద్దొద్దు, అద్దుకో’’ అని చెబుతున్నారట.